స్లాబ్ కమీషన్ లెక్క: నెల సేల్స్ షీట్ నుంచి సేల్స్‌మ్యాన్ చేతికి ఎంత ఇవ్వాలో తేల్చడం ఎలా

ఖమ్మంలో ఒక ఎలక్ట్రికల్ హోల్‌సేల్ షాపులో అకౌంట్స్ చూస్తాను నేను, వైర్లు, స్విచ్చులు, ఫ్యాన్లు మా సరుకు. మధిర లైన్‌కి ఒకరు, సత్తుపల్లి లైన్‌కి ఒకరు, కొత్తగూడెం ఇల్లందు కలిపి ఒకరు, ఇలా లైన్‌కో సేల్స్‌మ్యాన్ తిరుగుతాడు. జీతం కాక అమ్మకం మీద కమీషన్, అదీ స్లాబ్‌ల ప్రకారం. ఈ లెక్క చూడ్డానికి చిన్నదే గానీ ప్రతి నెలా గొడవయ్యేది ఇక్కడే, ఓనర్ ఒక లెక్క అనుకుంటాడు, సేల్స్‌మ్యాన్ జేబులో డైరీలో ఇంకో లెక్క ఉంటది, మధ్యలో మనం. కాబట్టి షీట్ ఎలా పెట్టుకోవాలి, ఏది తీసెయ్యాలి, ఫార్ములా ఏంటి, డబ్బు ఎప్పుడివ్వాలి, అన్నీ ఒక మనిషి లెక్కతో చూపిస్తా.

ముందు స్లాబ్ అంటే ఏంటో కాగితం మీద తేల్చుకోండి

మనం వాడబోయే స్లాబ్‌లు ఇవి అనుకుందాం:

3 లక్షల వరకు 0.5 శాతం
3 లక్షల పైన 6 లక్షల వరకు 0.8 శాతం
6 లక్షల పైన 10 లక్షల వరకు 1.2 శాతం
10 లక్షల పైన 1.5 శాతం

ఇది చదివి ఇద్దరు మనుషులు రెండు రకాలుగా అర్థం చేసుకుంటారు. ఒకరేమో 6 లక్షలు దాటితే మొత్తం అమ్మకానికీ 1.2 వస్తదనుకుంటారు. ఇంకొకరేమో మొదటి 3 లక్షలకి 0.5 అలాగే ఉంటది, తర్వాతి 3 లక్షలకి 0.8, 6 దాటిన ముక్కకి మాత్రమే 1.2 అనుకుంటారు, ఇన్‌కమ్ టాక్స్ స్లాబ్ లాగ. స్లాబ్ కాగితం మీద ఈ ఒక్క ముక్క రాయకపోవడం వల్లే సగం గొడవలు.

రెండోదే పెట్టండి అని నా గట్టి అభిప్రాయం, ఎందుకో అంకెల్లోనే చూడండి. మొత్తానికి ఒకే రేటు పద్ధతిలో 5,98,000 అమ్మినోడికి 0.8 శాతం చొప్పున 4,784 వస్తది, 6,02,000 అమ్మినోడికి 1.2 శాతం చొప్పున 7,224. అంటే ఇంకో 4,000 సరుకు అమ్మితే 2,440 కమీషన్! ముక్కల పద్ధతిలో అదే తేడా 3,884కి 3,924కి, అంటే 40 రూపాయలు.

ఆ 2,440 కోసం ఏం జరుగుద్దో నేను కళ్లారా చూశా. ఇంతకుముందు పనిచేసిన చోట మొత్తానికి ఒకే రేటు పద్ధతి ఉండేది, నెలాఖరు రోజు సాయంత్రం ఒకే షాపు పేరు మీద పెద్ద బిల్లు పడేది, 4వ తారీఖునో 5వ తారీఖునో అందులో సగం సరుకు రిటర్న్ వచ్చేది, డబ్బా టేప్ కూడా ఊడకుండా. మూడు నెలలు వరసగా అలాగే అయ్యేసరికి అర్థమైంది. దాంట్లో సేల్స్‌మ్యాన్‌ని ఒక్కడినే అనడానికి లేదు, గీత దాటగానే అంత డబ్బు ఎదురుగా పెట్టింది మనమే. మీ దగ్గర ఇలా ఉందో లేదో తెలియాలంటే గత ఆరు నెలల షీట్ తీసి ప్రతి నెలా చివరి రెండు రోజుల బిల్లులు ఒక పక్క, వచ్చే నెల మొదటి వారం రిటర్న్‌లు ఒక పక్క పెట్టి చూడండి, అవే పార్టీలు రెండు పక్కలా కనిపిస్తే అదే.

షీట్ తయారు చేసుకోవడం

టాలీ నుంచో మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచో సేల్స్ రిజిస్టర్, క్రెడిట్ నోట్ రిజిస్టర్ రెండూ ఎక్సెల్‌లోకి దించుకోండి. రెండూ ఒకే షీట్‌లో కింద కింద పేస్ట్ చెయ్యండి, రిటర్న్‌ల అమౌంట్ మైనస్‌లో పెట్టండి. షీట్ పేరు `Sales`. కాలమ్‌లు ఇలా:

A లో వోచర్ తేదీ, B లో బిల్ నంబర్, C లో పార్టీ, D లో సేల్స్‌మ్యాన్ కోడ్, E లో జీఎస్టీ లేని అమౌంట్, F లో అసలు బిల్ తేదీ, G లో కమీషన్ నెల.

ఇందులో F కాలమ్ మీద కొంచెం మనసు పెట్టండి. మామూలు బిల్లుకైతే F లో అదే తేదీ. రిటర్న్‌కి మాత్రం ఆ సరుకు ఏ బిల్లులో పోయిందో ఆ బిల్లు తేదీ వెయ్యాలి, క్రెడిట్ నోట్ తేదీ కాదు. ఏప్రిల్ 8న వచ్చిన రిటర్న్ మార్చి 27 బిల్లుదైతే F లో మార్చి 27. అప్పుడు అది మార్చి కమీషన్‌లోంచే తగ్గుద్ది. క్రెడిట్ నోట్ మీద అసలు బిల్ నంబర్ రాయడం ఎట్లాగూ జీఎస్టీకి కావాలి, కాబట్టి బిల్లింగ్ అబ్బాయికి అది ఖాళీ వదలొద్దని చెప్పండి.

G లో ఈ ఫార్ములా పెట్టి కిందికి లాగండి:

```
=YEAR(F2)*100+MONTH(F2)
```

2025 మార్చి అయితే 202503 వస్తది. నెల పేరు అక్షరాల్లో రాసుకుంటే ఒకరు మార్చి అని ఇంకొకరు మార్ అని కొడతారు, ఇలా నంబర్ అయితే ఆ బాధ లేదు.

D లో పేరు కాదు కోడ్ వాడండి, S1, S2, S3 అని. పేర్లతో పెట్టినప్పుడు మా దగ్గర ఒకే మనిషి శ్రీను అని, శ్రీనివాస్ అని, ఇంకోచోట ఇంటిపేరుతో, మూడు మనుషులుగా తయారయ్యాడు. ఓనర్ నేరుగా ఫోన్లో అమ్మినవి, కౌంటర్ అమ్మకాలు `HOUSE` అనే కోడ్‌లో పెట్టండి. సాఫ్ట్‌వేర్‌లో పార్టీని ఎంచుకోగానే సేల్స్‌మ్యాన్ కోడ్ దానంతటదే పడే సెట్టింగ్ ఉంటే ఓనర్ డైరెక్ట్‌గా అమ్మిన బిల్లు కూడా ఆ లైన్ సేల్స్‌మ్యాన్ ఖాతాలో పడిపోద్ది, నెలకోసారి ఓనర్‌తో కూర్చుని ఆ నాలుగు బిల్లులు అడిగి మార్చుకోవాల్సిందే, ఇంకో దారి లేదు.

ఏ అమౌంట్ మీద కమీషన్

బిల్లు కింద కనిపించే మొత్తం మీద కాదు. అందులో 18 శాతం జీఎస్టీ ఉంటది, అది గవర్నమెంట్‌ది, దాని మీద కమీషన్ ఇస్తే మన మార్జిన్‌లోంచి ఇచ్చినట్టే. ట్రాన్స్‌పోర్ట్ చార్జీ బిల్లులో వేస్తుంటే అదీ తీసెయ్యండి. సేల్స్‌మ్యాన్ డైరీలో మాత్రం ఎప్పుడూ బిల్లు మొత్తమే ఉంటది, ఎందుకంటే షాపతని దగ్గర వసూలు చేసేది అదే అంకె. అందుకే వాళ్ల లెక్క మన లెక్క కంటే ఎప్పుడూ ఎక్కువ కనిపిస్తది. ఇది అబద్ధం చెప్పడం కాదు, రెండు వేరే అంకెలు, అంతే.

ఇప్పుడు మన మనిషిని తీసుకుందాం, సత్తుపల్లి లైన్, కోడ్ S2, నెల 2025 మార్చి.

జీఎస్టీతో కలిపి అతని బిల్లులు 9,02,700. 1.18 తో భాగిస్తే 7,65,000. మార్చి బిల్లుల మీద మార్చిలోనే వచ్చిన రిటర్న్‌లు 30,000. అవే మార్చి బిల్లుల మీద ఏప్రిల్‌లో వచ్చినవి 12,000. ఓనర్ నేరుగా మాట్లాడి అమ్మిన బిల్లు ఒకటి 25,000, అది అతని కోడ్‌లో పడితే `HOUSE` కి మార్చాం. ఈ మూడూ జీఎస్టీ లేని అంకెలే. మిగిలింది 6,98,000. కమీషన్ దీని మీద.

మొదటి 3,00,000 కి 0.5 శాతం 1,500. తర్వాతి 3,00,000 కి 0.8 శాతం 2,400. మిగిలిన 98,000 కి 1.2 శాతం 1,176. మొత్తం 5,076 రూపాయలు.

అతను అనుకున్నది ఎంతో కూడా లెక్కేసి పెట్టుకోండి, ఎందుకంటే అడుగుతాడు. 9,02,700 మీద ఇవే స్లాబ్‌లు వేస్తే 7,532 వస్తది. తేడా 2,456. ఆ తేడా ఎక్కడికి పోయిందో మీరే ముందు చూపించగలిగితే మాట పెరగదు.

ఫార్ములా

`Slabs` అని ఇంకో షీట్. A2 నుంచి A5 దాకా ప్రతి స్లాబ్ ఎక్కడ మొదలవుతుందో అది: 0, 300000, 600000, 1000000. B లో రేట్లు: 0.5%, 0.8%, 1.2%, 1.5%. C లో కింది స్లాబ్ కంటే ఎంత పెరిగిందో ఆ తేడా మాత్రమే: 0.5%, 0.3%, 0.4%, 0.3%.

`Payout` అని మూడో షీట్. H1 లో నెల, 202503. A2 నుంచి కోడ్‌లు, చివర్లో `HOUSE` కూడా. B2 లో నికర అమ్మకం:

```
=SUMIFS(Sales!$E:$E,Sales!$D:$D,A2,Sales!$G:$G,$H$1)
```

C2 లో కమీషన్:

```
=SUMPRODUCT((B2>Slabs!$A$2:$A$5)*(B2-Slabs!$A$2:$A$5)*Slabs!$C$2:$C$5)
```

`HOUSE` లైన్‌కి మాత్రం C ఖాళీగా వదిలెయ్యండి.

ఈ రెండో ఫార్ములా భయపెట్టేలా ఉంటది గానీ చేసే పని సింపుల్. మొత్తం 6,98,000 మీదా 0.5 ఇస్తది, 3 లక్షలు దాటిన 3,98,000 మీద ఇంకో 0.3 కలుపుద్ది, 6 లక్షలు దాటిన 98,000 మీద ఇంకో 0.4 కలుపుద్ది. 3,490 ప్లస్ 1,194 ప్లస్ 392, అదే 5,076. చేత్తో చేసిన లెక్కకి సరిపోయింది కదా, మొదటిసారి పెట్టినప్పుడు ఒక్క మనిషికైనా ఇలా చేత్తో చేసి చూసుకోండి.

చాలామంది `IF` లోపల `IF` లోపల `IF` రాస్తారు. పనిచేస్తది, కానీ ఓనర్ వచ్చే ఏడాది నుంచి 6 లక్షలు కాదు 7 లక్షలు అనగానే ఆ లోపలి అంకెలు వెతుక్కోవాలి, ఒకటి మార్చి ఇంకోటి మర్చిపోతాం. ఇక్కడైతే `Slabs` షీట్‌లో ఒక్క సెల్ మారిస్తే చాలు. ఒకటి గుర్తుపెట్టుకోండి, B లో రేటు మార్చినప్పుడు C లో తేడా కూడా మారాలి, చేత్తో కొట్టకుండా C3 లో `=B3-B2` అని పెట్టేసుకుంటే అదే మారిపోద్ది.

డబ్బు ఇచ్చే ముందు రెండు చెక్‌లు

మొదటిది, ఏ కోడ్‌కీ చెందకుండా పోయిన బిల్లులు. కోడ్ వెనక ఒక స్పేస్ పడినా, S2 బదులు 52 అని కొట్టినా ఆ బిల్లు ఎవరి ఖాతాలోకీ రాదు, ఎర్రర్ కూడా చూపించదు, సైలెంట్‌గా పోద్ది. అది పట్టుకోవడానికి:

```
=SUMIFS(Sales!$E:$E,Sales!$G:$G,$H$1)-SUM(B2:B5)
```

మా దగ్గర ముగ్గురు, ప్లస్ `HOUSE`, కాబట్టి B2 నుంచి B5. మీ మనుషుల్ని బట్టి మార్చుకోండి. ఇది సున్నా రావాలి. 18,400 అని వచ్చిందనుకోండి, అంత అమ్మకం ఎవరికీ పడలేదన్నమాట, D కాలమ్‌కి ఫిల్టర్ పెట్టి చూస్తే లిస్ట్‌లో వింతగా ఉన్న కోడ్ కనిపిస్తది.

రెండోది, అంకెలాగా కనిపించే అక్షరాలు. కొన్ని బిల్లింగ్ యాప్‌ల నుంచి ఎక్స్‌పోర్ట్ చేస్తే అమౌంట్ టెక్స్ట్‌గా వస్తది, కంటికి 12,500 అనే కనిపిస్తది గానీ సెల్‌లో ఎడమ పక్కకి అతుక్కుని ఉంటది, `SUMIFS` దాన్ని లెక్కలోకే తీసుకోదు. పై చెక్ దీన్ని పట్టుకోదు ఎందుకంటే రెండు పక్కలా ఒకేలాగ వదిలేస్తది. దీనికి వేరే:

```
=COUNTA(Sales!E2:E2000)-COUNT(Sales!E2:E2000)
```

ఇదీ సున్నా రావాలి, రాకపోతే వచ్చిన అంకె ఎంతో అన్ని సెల్స్ టెక్స్ట్‌గా ఉన్నాయి. E కాలమ్ మొత్తం సెలెక్ట్ చేసి డేటా మెనూలో టెక్స్ట్ టు కాలమ్స్ నొక్కి నేరుగా ఫినిష్ కొడితే మామూలుగా సరైపోతయి.

ఎప్పుడు ఇవ్వాలి: ఒక నెల ఆగి

మార్చి కమీషన్ ఏప్రిల్ 5న జీతంతో పాటు ఇచ్చేస్తే రెండు సమస్యలు. రిటర్న్‌లు ఇంకా రాలేదు, డబ్బులు ఇంకా వసూలు కాలేదు. మేము ముప్పై రోజుల అప్పు మీద సరుకిస్తాం, మార్చి 31 బిల్లుకి గడువు ఏప్రిల్ 30. అందుకని మార్చి కమీషన్ మే 5న ఇస్తాం. పైన ఏప్రిల్ రిటర్న్‌లు 12,000 మార్చి లెక్కలోకి ఎలా వచ్చాయంటే ఇదీ కారణం. కొత్తగా చేరినవాళ్లకి మాత్రం మొదటి నెల చేతికి ఏమీ రాదు, వాళ్లకి కొంత అడ్వాన్స్ ఇచ్చి తర్వాత పట్టుకోవడం న్యాయం, పెట్రోల్ పోసుకుని తిరిగేది వాళ్లే కదా.

ఏప్రిల్ 30 నాటికి కూడా వసూలు కాని మార్చి బిల్లులు ఉంటయి. మన S2 కి అవి 82,600 అనుకుందాం. ఇది జీఎస్టీతో కలిపిన అంకె, బాకీ లిస్ట్‌లో ఎప్పుడూ అలాగే ఉంటది, కాబట్టి ముందు 1.18 తో భాగించాలి, 70,000. ఇప్పుడు ఈ 70,000 ఏ స్లాబ్‌లోది అని అడిగితే జవాబు లేదు, పై స్లాబ్‌లోది అంటే అతనికి నష్టం, కింది స్లాబ్‌లోది అంటే షాపుకి నష్టం. అందుకే సగటు రేటుతో ఆపుతాం: 5,076 ని 6,98,000 తో భాగించి 70,000 తో గుణిస్తే 509. మే 5న చేతికిచ్చేది 4,567. ఆ 82,600 జూన్‌లో వసూలైతే ఆ నెల కమీషన్‌తో పాటు 509 వెళ్లిపోద్ది, దాన్ని మళ్లీ స్లాబ్‌లో వేసి లెక్కించకూడదు. ఆపిన డబ్బుకి వేరే చిన్న లిస్ట్ పెట్టుకోండి, బిల్ నంబర్‌తో సహా, లేకపోతే మూడు నెలల తర్వాత అది ఎవరికీ గుర్తుండదు, నష్టపోయేది సేల్స్‌మ్యాన్. ఓనరే ఫోన్ చేసి ఇచ్చెయ్ అంటే ఇచ్చిన అప్పుకి మాత్రం కమీషన్ ఆపొద్దు, అది సేల్స్‌మ్యాన్ నిర్ణయం కాదు.

డబ్బు ఇచ్చేశాక వచ్చిన రిటర్న్

జూన్‌లో ఒక షాపతను మార్చి బిల్లు తాలూకు ఫ్యాన్లు 40,000 సరుకు వెనక్కి పంపాడు, ఆ బిల్లు డబ్బు ఎప్పుడో కట్టేశాడు. ఇక్కడ చాలామంది ఏం చేస్తారంటే జూన్ అమ్మకంలోంచి 40,000 తీసేస్తారు. జూన్‌లో వానలు పడి అతని అమ్మకం మొత్తం 2,80,000 అయితే ఆ 40,000 అక్కడ 0.5 స్లాబ్‌లో ఉంటది, మనకి వెనక్కొచ్చేది 200. కానీ మార్చిలో ఆ సరుకు మీద మనం ఇచ్చింది 1.2 చొప్పున. H1 లో మళ్లీ 202503 పెట్టి చూడండి, F లో తేదీ సరిగ్గా వేసి ఉంటే నికర అమ్మకం 6,58,000 అని, కమీషన్ 4,596 అని దానంతటదే వస్తది. 5,076 లోంచి తీస్తే 480. ఇదీ అసలు పట్టుకోవాల్సింది. ఉల్టా కూడా అవుద్ది, డల్ నెల బిల్లు రిటర్న్‌ని మంచి నెలలో తీసేస్తే సేల్స్‌మ్యాన్‌కి ఎక్కువ కోత పడుద్ది, కాబట్టి ఈ పద్ధతి ఇద్దరికీ సరైనది. దీనికోసం ప్రతి నెలా ఇచ్చిన కమీషన్‌ని ఫార్ములాగా కాకుండా అంకెగా పేస్ట్ చేసి ఒక షీట్‌లో దాచండి, లేకపోతే పాత నెల అంకె మారిపోయాక ఎంతిచ్చామో మనకే తెలియదు.

స్లిప్

మే 2న ఒక్కొక్కరికి వాట్సాప్‌లో స్లిప్ పంపుతా, 5న డబ్బు. మధ్యలో మూడు రోజులు వాళ్లు చూసుకుని అడగడానికి. స్లిప్ ఇలా ఉంటది:

మార్చి 2025, సత్తుపల్లి లైన్
బిల్లులు జీఎస్టీతో 9,02,700
జీఎస్టీ లేకుండా 7,65,000
మార్చి రిటర్న్‌లు 30,000 తక్కువ
ఏప్రిల్‌లో వచ్చిన మార్చి రిటర్న్‌లు 12,000 తక్కువ
ఓనర్ డైరెక్ట్ బిల్లు 25,000 తక్కువ
కమీషన్ వచ్చే అమ్మకం 6,98,000
1,500 + 2,400 + 1,176 = 5,076
వసూలు కాని 70,000 కి ఆపింది 509
ఇచ్చేది 4,567

పైన మొదటి లైన్‌లో అతని డైరీలో ఉన్న అంకే ఉండాలి, అక్కడ నుంచి మొదలుపెట్టి కిందికి దిగితేనే అతను మనతో పాటు లెక్కలో నడుస్తాడు. నేరుగా 6,98,000 తో మొదలుపెట్టి పంపిన నెలల్లో ముగ్గురూ ఫోన్ చేసేవాళ్లు. రిటర్న్‌ల బిల్ నంబర్లు కూడా అడిగితే పంపండి. ఒకసారి మధిర లైన్ అబ్బాయి అలా చూసి, అన్నా ఈ రిటర్న్ నాది కాదు ఇల్లందు షాపుది, పేరు ఒకటే గానీ వేరే పార్టీ అన్నాడు, చూస్తే అతను చెప్పిందే నిజం.

టాక్స్ సంగతి ఒక్క మాట. జీతం మీద ఉన్న స్టాఫ్ అయితే కమీషన్ కూడా జీతంలో భాగమే, పే స్లిప్‌లో వేరే లైన్‌గా చూపించి జీతంతో కలిపే టీడీఎస్ లెక్క చూడాలి. ఉద్యోగి కాకుండా బయట నుంచి కమీషన్ మీద మాత్రమే పనిచేసేవాళ్లకి కమీషన్ టీడీఎస్ రూల్ వేరే, అది 2024 అక్టోబర్ 1 నుంచి 5 శాతం బదులు 2 శాతం అయింది, 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 20,000 దాటితేనే పట్టాలి. మీ దగ్గర తిరిగే మనిషి ఈ రెంటిలో ఏదో చేరిన రోజే రాసి పెట్టుకోండి, ఆడిటర్ మొదట అడిగేది అదే.